ఆ లింకు గ్రూపులో పెట్టకండి

అమీర్‌పేటలో ఏ బాయ్స్ హాస్టల్ గ్రూపు తెరిచినా మోటారు వేయలేదనీ, రాత్రికి చపాతీయా అన్నమా అనీ మెసేజ్‌లే. ఐపీఎల్ మొదలయ్యాక వాటి మధ్యలో ఇంకోటి దిగుతుంది: "దీంతో జాయిన్ అవ్వండి బ్రో, 500 ఫ్రీ." పెట్టింది పక్క గది కుర్రాడు కాబట్టి అనుమానం రాదు. బెట్టింగ్ యాప్‌వాళ్లు వాడుకునేది ఆ స్నేహాన్నే.

లింకు చివర పెట్టినవాడి కోడ్ ఉంటుంది. దాన్ని నొక్కి చేరినవాళ్లంతా అతని ఖాతా కింద నమోదవుతారు. కొన్ని యాప్‌లు మనిషికింతని ఇస్తాయి. మరికొన్నింటిలో చేరినవాడు పోగొట్టుకున్న దాంట్లో వాటా వస్తుంది. వాటా 30 శాతం అనుకుందాం. రూమ్మేట్ 10,000 పోగొట్టుకుంటే లింకు పెట్టినవాడికి 3,000 ముడుతుంది. రూమ్మేట్ గెలిస్తే మాత్రం పైసా రాదు.

ఇక ఆ ఫ్రీ 500. అది చేతికి రావాలంటే ముందు 1,000 వేయాలి. రెండూ కలిపిన 1,500కి ఇరవై రెట్లు పందేలు కాశాకే డబ్బు తీసుకోనిస్తామని షరతు ఉందనుకోండి. అంటే 30,000 తిప్పాలి. పందెం కాసిన ప్రతి వందలో సగటున 5 రూపాయలు యాప్‌కు మిగిలితే, ఆ 30,000 తిరిగేసరికి పోయేది సరిగ్గా 1,500. బోనస్‌తో పాటు తన వెయ్యీ పోయినట్టే. ఒకరిద్దరు గెలవచ్చు, వాళ్ల స్క్రీన్‌షాట్లే గ్రూపులో తిరుగుతాయి.

డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఇలాంటి ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంది.

లింకు కనిపించగానే గ్రూపులో అందరిముందూ తిట్టకూడదని నా అభిప్రాయం. పెట్టినవాడు అప్పటికే పోగొట్టుకుని, ఆ కమీషన్‌తో పూడ్చుకోవాలని చూస్తుండవచ్చు. అడ్మిన్ ముందు దాన్ని అందరికీ కనిపించకుండా డిలీట్ చేసి, అతని గదికి వెళ్లి మాట్లాడాలి. తర్వాత ఎవరి పేరూ ఎత్తకుండా గ్రూపులో ఇలా రాయొచ్చు:

"అన్నలూ, తమ్ముళ్లూ, ఇకనుంచి ఈ గ్రూపులో బెట్టింగ్ లింకులు, కోడ్‌లు, గెలిచిన స్క్రీన్‌షాట్లు పెట్టొద్దు. మనలో ఒకరు పోగొట్టుకుంటేనే ఇంకొకరికి కమీషన్ వచ్చే లింకులు అవి. ఎవరు పెట్టినా డిలీట్ చేస్తాను, కోపం తెచ్చుకోకండి. ఇప్పటికే డబ్బు ఇరుక్కుపోయినవాళ్లు నాకు విడిగా మెసేజ్ చేయండి, ఎవరికీ చెప్పను. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేసుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేద్దాం, నేను పక్కన కూర్చుంటాను."

ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది "విడిగా" అన్న మాట. ఇంట్లో ఫీజు కోసం పంపిన డబ్బు పోగొట్టుకున్న కుర్రాడు నలుగురిలో నోరు విప్పడు. రాత్రి పదకొండుకు ఒక్కరికే మెసేజ్ పెడతాడు.