అన్న చేతిలో బ్యాండు, తమ్ముడి చేతిలో రోడ్డు

1978 అక్టోబరులో ముగ్గురు కుర్రాళ్ల ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ ఒకటి లండన్ నుంచి న్యూయార్క్‌లో దిగింది. లేకర్ ఎయిర్‌వేస్ వాళ్ల చవక టికెట్ల మీద వచ్చారు. వాయిద్యాలు కొన్ని చేత్తోనే మోసుకొచ్చారు. అమెరికాలో వాళ్ల ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు, రికార్డు కంపెనీ పర్యటనకు డబ్బులివ్వలేదు. అయినా సీబీజీబీ అనే చిన్న క్లబ్బులో మొదలుపెట్టి, ఒక వ్యాన్‌లో ఊరూరా తిరిగి వాయించారు. పొకీప్సీ అనే ఊళ్లో వినడానికి వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ బ్యాండ్ పేరు ది పోలీస్. అయిదేళ్ల తర్వాత, 1983 ఆగస్టులో, అదే న్యూయార్క్‌లోని షే స్టేడియంలో వాళ్ల కచేరీకి దాదాపు 70 వేల మంది వచ్చారు.

ఈ రెండు తేదీల మధ్య జరిగిన ప్రయాణంలో స్టింగ్ గొంతుకూ పాటలకూ ఎంత వాటా ఉందో అందరికీ తెలుసు. వేదిక ఎక్కని ఇద్దరి వాటా గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఒకరు బ్యాండ్ మేనేజర్ మైల్స్ కోప్‌లాండ్, రెండోవారు బుకింగ్ ఏజెంట్ ఇయాన్ కోప్‌లాండ్. ఇద్దరూ అన్నదమ్ములు, డ్రమ్మర్ స్టువర్ట్‌కు సొంత అన్నలు. మేనేజరూ ఏజెంటూ చేసే పనుల మధ్య గీత ఎక్కడుందో వీళ్ల కథలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

ఏజెంట్ పని వినడానికి చిన్నదే: బ్యాండ్ కచేరీలను అమ్మడం. కొనేవాడు ప్రమోటర్. అతను హాలు అద్దెకు తీసుకుని, ప్రచారం చేసి, టికెట్లు అమ్ముతాడు. ఏ ఊళ్లో ఏ హాలు, ఏ తేదీ, ఎంత సొమ్ము, అందులో ముందుగా ఎంత కట్టాలి అన్నవన్నీ ఏజెంట్ మాట్లాడి కాగితం మీద పెడతాడు. దీనికి కచేరీ ఆదాయంలో సాధారణంగా పది శాతం తీసుకుంటాడు. రికార్డుల మీద వచ్చే డబ్బుతో అతనికి మామూలుగా సంబంధం ఉండదు.

మేనేజర్‌కు అలాంటి హద్దు లేదు. ఏ కంపెనీతో రికార్డు ఒప్పందం చేసుకోవాలి, ఏ పాట ముందు విడుదల చేయాలి, ఏ లాయరును పెట్టుకోవాలి, సభ్యుల మధ్య గొడవ వస్తే ఎవరితో ముందు మాట్లాడాలి, ఇవన్నీ అతని నెత్తినే ఉంటాయి. ఏజెంటును ఎంచుకోవడంలో కూడా అతని మాటే ఎక్కువగా చెల్లుతుంది. అతని కమిషన్ ఎక్కువగా పదిహేను నుంచి ఇరవై శాతం దాకా, బ్యాండ్ సంపాదించే దాదాపు ప్రతి రూపం మీదా ఉంటుంది.

మైల్స్ మొదట ఈ బ్యాండ్‌ను పెద్దగా పట్టించుకోలేదు. తొలి ఆల్బమ్ కోసం 1,500 పౌండ్లు అప్పుగా ఇచ్చాడు, అంతే. రికార్డింగ్ జరుగుతుండగా ‘రాక్సాన్’ పాట విన్నాక అతని మనసు మారింది. ఆ పాట పట్టుకుని ఏ అండ్ ఎమ్ అనే కంపెనీకి వెళ్లి, అప్పట్లో కొత్త బ్యాండ్ల మేనేజర్లు సాధారణంగా చేయని పని చేశాడు. అడ్వాన్స్ అడగలేదు. దానికి బదులు, అమ్ముడైన ప్రతి రికార్డు మీద రాయల్టీ శాతం ఎక్కువ ఇమ్మన్నాడు. అడ్వాన్స్ అంటే కంపెనీ ఇచ్చే బహుమతి కాదు. తర్వాత రాబోయే రాయల్టీలోంచి మినహాయించుకునే సొమ్ము. పర్యటనకు కంపెనీ పెట్టే ఖర్చు కూడా చాలా ఒప్పందాల్లో అదే ఖాతాలోకి చేరుతుంది. అలా లక్షల రికార్డులు అమ్మి కూడా కంపెనీకి బాకీ ఉండిపోయిన బ్యాండ్లు ఎన్నో. మైల్స్ ఆ గోతిలో అడుగు పెట్టలేదు.

అయితే కంపెనీ డబ్బు లేకుండా అమెరికా తిరగడం ఎలా? తమ్ముడి పని ఇక్కడ మొదలైంది. ఇయాన్ అప్పుడు జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్నంలో పారగాన్ అనే ఏజెన్సీలో ఉన్నాడు. దక్షిణాది రాక్ బ్యాండ్లను బుక్ చేసిన అనుభవంతో ఏ ఊళ్లో ఏ క్లబ్బు ఉందో, దాని యజమాని మాట మీద నిలబడేవాడో కాదో అతనికి తెలుసు. పెద్ద బ్యాండ్ ముందు అరగంట వాయించి దిగిపోయే పాత పద్ధతి వదిలేసి, చిన్న క్లబ్బుల్లోనే అయినా వీళ్లే ముఖ్య బ్యాండ్‌గా ఉండేలా రాత్రులు కుదిర్చాడు. వచ్చేది తక్కువే. కానీ ముగ్గురు వాయిద్యకారులు, ఒక వ్యాన్, చవక హోటళ్లు కాబట్టి ఖర్చూ తక్కువే. బోస్టన్‌లో ద రాట్ అనే క్లబ్బులో వరుసగా రాత్రులు వాయించారు. ఆ ఊరి రేడియోలో ‘రాక్సాన్’ వినిపించసాగింది. 1979లో ఆ పాట అమెరికాలో విడుదలై తొలి నలభైలోకి చేరింది. పాట కోసం ఆగకుండా ముందే ఊళ్లలోకి వెళ్లడం వల్లే, అది రేడియోలోకి వచ్చేసరికి దాన్ని అడిగి వేయించుకునేవాళ్లు తయారుగా ఉన్నారని నా నమ్మకం.

ఏజెంట్ అమ్మే రాత్రి విలువ ఎలా తేలుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. తెలుగు సినిమా వ్యాపారంలో మినిమం గ్యారంటీ పద్ధతి తెలిసినవారికి ఇది సులువు. డిస్ట్రిబ్యూటర్ ముందుగా ఒక మొత్తం ఖాయం చేస్తాడు, వసూళ్లు అది దాటితే నిర్మాతకు వాటా వస్తుంది. రాక్ కచేరీల్లోనూ దాదాపు అంతే: గ్యారంటీ, లేదా ఖర్చులు పోగా మిగిలిన దానిలో 85 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది.

ఉదాహరణకు 800 మంది పట్టే హాలు, టికెట్ 25 డాలర్లు, గ్యారంటీ 5,000, ప్రమోటర్ ఖర్చు 9,000 అనుకుందాం. హాలు నిండితే వసూలు 20,000. ఖర్చు తీసేస్తే 11,000. అందులో 85 శాతం 9,350, అది బ్యాండ్‌ది. ఏజెంటుకు పది శాతం 935, మేనేజర్‌కు ఇరవై శాతం 1,870. మిగిలిన 6,545లోంచి ప్రయాణం, హోటల్, సిబ్బంది జీతాలకు 3,500 పోతే, సభ్యులందరికీ కలిపి మిగిలేది 3,045.

అదే హాలు సగమే నిండిందనుకోండి. వసూలు 10,000. ఖర్చు పోగా ఉన్నది వెయ్యే అయినా ప్రమోటర్ గ్యారంటీ 5,000 ఇచ్చి తీరాలి, జేబులోంచి నాలుగు వేలు పోగొట్టుకుంటాడు. బ్యాండుకు వచ్చిన 5,000లో ఏజెంటుకు 500, మేనేజర్‌కు 1,000, ఖర్చులకు 3,500. వేదిక మీద చెమటోడ్చినవాళ్లకు మిగిలింది సున్నా. మేనేజర్ కమిషన్ మొత్తం రాబడి మీదా, ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా అన్న మాటను ఒప్పందంలో మొదటే తేల్చుకోవాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే. రెండో పద్ధతిలో ఈ చెడ్డ రాత్రి మేనేజర్‌కు కూడా దాదాపు ఏమీ రాదు. చెడ్డ రాత్రులు రాకుండా చూడాల్సిన అవసరం అప్పుడు అతనికీ పడుతుంది.

ఈ లెక్కలో కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. నాలుగు వేలు పోగొట్టుకున్న ప్రమోటర్ మరుసటి ఏడాది ఆ బ్యాండ్ పేరు చెబితే ఫోను పెట్టేస్తాడు. అందుకే మంచి ఏజెంట్ 800 మంది వస్తారనుకుంటే 600 మంది పట్టే హాలే తీసుకుంటాడు, గ్యారంటీ కూడా కాస్త తగ్గిస్తాడు. టికెట్లు దొరకలేదన్న మాట ఊళ్లో పాకితే వచ్చే ఏడాది పెద్ద హాలు దానంతటదే అడుగుతుంది. ఏజెంట్ తొందరపడుతున్నాడా అన్నది పోయినసారి అదే ఊళ్లో ఎన్ని టికెట్లు తెగాయో అడిగితే బయటపడుతుంది. ఆ అంకె చెప్పకుండా గ్యారంటీ గురించే మాట్లాడేవాడితో జాగ్రత్తగా ఉండాలి.

ఏజెంటుకు ప్రతి ఖాళీ రాత్రీ పోయిన కమిషనే. అతన్ని తప్పుపట్టడానికి లేదు, అతని వృత్తే అది. కొన్ని రాత్రులు అమ్మవద్దని చెప్పడం, కొన్ని నష్టానికైనా వాయించాలని చెప్పడం మేనేజర్ పని. 1980లో పోలీస్ చేసిన ప్రపంచ పర్యటన దీనికి మంచి ఉదాహరణ. రాక్ బ్యాండ్లు అరుదుగా వెళ్లే ఈజిప్టు, తైవాన్, హాంకాంగ్, మెక్సికోలతో పాటు మన బొంబాయి కూడా అందులో ఉంది. ఆ మార్చి నెలలో రంగ్ భవన్‌లో ఒక మహిళా సేవాసంస్థ నిధుల కోసం వాయించారు. డబ్బు లెక్కతో చూసే ఏజెంట్ ఎవరూ గీయని దారి అది. ఆ ప్రయాణాన్ని కెమెరాలతో తీయించారు, పత్రికలు రాశాయి. మామూలు పర్యటనకు దొరకని పేరు అలా దొరికింది.

ఈ రెండు పనుల మధ్య గీతను కాలిఫోర్నియా రాష్ట్రంలో చట్టమే గీసింది. అక్కడ కళాకారులకు పని కుదర్చాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని మేనేజర్ కచేరీలు కుదిరిస్తే కమిషన్ మీద హక్కే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బ్యాండ్ తన మొదటి మేనేజర్ మీద 1960లలో తెచ్చిన వివాదం సరిగ్గా దీని గురించే. పని కుదర్చడం నా బాధ్యత కాదని అతని ఒప్పందంలోనే రాసి ఉంది. కాగితం మీద ఏముందన్నది కాదు, నిజంగా ఏం చేశాడన్నదే చూడాలని 1967లో అప్పీలు కోర్టు చెప్పింది. మేనేజర్ తనే కచేరీలు అమ్మితే, ఆ బేరం బ్యాండుకు మంచిదా కాదా అని అడిగేవాడు ఉండడు. కోప్‌లాండ్‌ల విషయంలో నాకు ఇదే గుచ్చుకుంటుంది. మేనేజరూ ఏజెంటూ డ్రమ్మరూ ఒకే ఇంటివాళ్లయితే, మిగిలిన ఇద్దరు సభ్యుల తరఫున లెక్క అడిగేది ఎవరు? ఆ బ్యాండుకు అది కలిసొచ్చింది. అందరికీ కలిసొస్తుందని అనుకోకూడదు.

1979లో ఇయాన్ పారగాన్ వదిలి న్యూయార్క్‌లో సొంత ఏజెన్సీ పెట్టాడు. మైల్స్ ఐ.ఆర్.ఎస్. అనే రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. జార్జియాలోని ఏథెన్స్ నుంచి వచ్చిన ఆర్.ఇ.ఎమ్. బ్యాండ్ రికార్డులు ఆ కంపెనీవే. 1983లో షే స్టేడియంలో పోలీస్ కంటే ముందు వాయించే అవకాశం వాళ్లకు వచ్చింది. కొత్త బ్యాండుకు అంతమంది ముందు నిలబడటం కంటే ఏం కావాలని ఎవరైనా అంటారు. వాళ్లకు మాత్రం అది చేదు అనుభవమైంది. ఆ జనం వచ్చింది వేరేవాళ్ల కోసం. ఆ తర్వాత పెద్ద బ్యాండ్ల ముందు వాయించే పని వాళ్లు మానేశారు. మేనేజర్ జెఫర్సన్ హోల్ట్ వాళ్ల వెంటే ఉన్నాడు. క్లబ్బులు, థియేటర్లు, ఆపైన ఇంకాస్త పెద్ద హాళ్లు, అన్నీ తమ పేరు మీద టికెట్లు తెగేవే ఎంచుకున్నారు. 1989 నాటికి ఆర్.ఇ.ఎమ్. పెద్ద ఇండోర్ స్టేడియాల్లో వాయిస్తోంది, వచ్చిన జనమంతా వాళ్ల కోసం టికెట్ కొన్నవాళ్లే.