మూడు చుక్కలు చెవికెలా వినపడతాయి?

మా బావకు చూపు లేదు. కంప్యూటర్ మీద ఏ పనైనా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో చేసుకుంటాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, ఆయనకూ చూపు లేదు.

ఆమధ్య బావ బస్సు టికెట్ తేదీ మార్చుకోవాలని ఒక సైటు తెరిచాడు. మూలన చాట్ పెట్టె ఉంది. ప్రశ్న టైప్ చేసి ఎంటర్ నొక్కాడు. స్పీకర్లోంచి "టైప్ చేస్తున్నారు... టైప్ చేస్తున్నారు..." అని ఒకటే జపం. కాసేపటికి జవాబు మొదలైంది: "తేదీ మార్చడానికి ఛార్జీ..." అంతలోనే మళ్లీ "టైప్ చేస్తున్నారు". అటువైపు మనిషి రెండో మెసేజ్ మొదలుపెట్టినట్టున్నాడు. ఛార్జీ ఎంతో బావ చెవిన పడలేదు.

"చూశావా, మనిషి మాట్లాడబోతుంటే వీడే నోరు మూయిస్తున్నాడు" అన్నాడు బావ. వెబ్ పేజీలు డిజైన్ చేసేది నేను గనక, ఆ మాట నాకే తగిలింది.

పేజీలో ఏదైనా భాగం మారినప్పుడు చదివి వినిపించమని స్క్రీన్ రీడర్‌కు ముందే చెప్పి ఉంచొచ్చు. అందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఇప్పుడు చదువుతున్నది పూర్తయ్యాక చెప్పడం. రెండోది, ఉన్నపళంగా అడ్డుపడి చెప్పడం. ఆ సైటు వాళ్లు చాట్ పెట్టె మొత్తానికీ రెండోది తగిలించారు. పైగా మూడు చుక్కలు కదిలినట్టు కనిపించడానికి ఆ వాక్యాన్ని మాటిమాటికీ తీసి మళ్లీ పెడుతున్నారు. కంటికి అది ముచ్చటైన కదలికే. చెవికి మాత్రం ప్రతిసారీ కొత్త వార్త.

మందు పెద్దదేం కాదు. మెసేజ్‌లకు ఒక చోటు, "టైప్ చేస్తున్నారు" అన్న కబురుకు వేరే చోటు ఇవ్వాలి. రెండూ మర్యాదగా తమ వంతు వచ్చేదాకా ఆగే రకమే. చుక్కల బొమ్మను స్క్రీన్ రీడర్‌కు కనపడకుండా దాచేయాలి.

```html
<div role="log" lang="te"></div>
<p role="status" lang="te"></p>
<span aria-hidden="true">•••</span>
```

ఆ రెండు చోట్లూ పేజీ తెరుచుకున్నప్పటి నుంచే ఖాళీగా సిద్ధంగా ఉండాలి. మెసేజ్‌తో పాటు పెట్టెను కూడా అప్పటికప్పుడు పుట్టిస్తే చాలాసార్లు స్క్రీన్ రీడర్ దాన్ని పట్టించుకోదు. `lang="te"` అని రాయకపోతే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతు చదవబోయి తడబడుతుంది. "టైప్ చేస్తున్నారు" అన్న మాట ఒక్కసారి వినిపిస్తే చాలు. రెండు మూడు సెకన్లలో జవాబు వచ్చేట్టుంటే అదీ అక్కర్లేదంటాను.

తర్వాత సైటు మూడు బటన్లు చూపించింది: "అవును", "కాదు", "వేరే ప్రశ్న". బావ ట్యాబ్ కీతో వెళ్లి "అవును" నొక్కాడు. వెంటనే బటన్లు మాయమయ్యాయి. నిలబడ్డ మెట్టు లాగేసినట్టయింది. ఫోకస్ ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు గనక, మళ్లీ ట్యాబ్ నొక్కితే పేజీ మొదట్లోని లోగో దగ్గర తేలాడు. బటన్ నొక్కగానే ఫోకస్‌ను టైప్ చేసే పెట్టెలోకి తెచ్చి ఉంటే ఈ తిప్పలు తప్పేవి. అలాగని కొత్త బటన్లు వచ్చినప్పుడల్లా ఫోకస్‌ను అటు లాక్కెళ్లకూడదు, మనిషి ఇంకో వాక్యం మధ్యలో ఉండొచ్చు. ఇంకో సంగతి, చెవికి "అవును" అన్న బటన్ ఒంటరిగా వినపడితే దేనికి అవునో గుర్తుండదు. "అవును, 14వ తేదీకి మార్చండి" అని రాస్తే కళ్లున్నవాళ్లకూ మేలే.

ఆఖరికి నెట్ పోయింది. పెట్టె చుట్టూ ఎర్ర గీత, కింద "ఏదో పొరపాటు జరిగింది". అది నాకు కనపడింది. బావకు నిశ్శబ్దమే వినపడింది. ఇలాంటి కబుర్లు ఫోకస్ కదలకుండానే స్క్రీన్ రీడర్‌కు అందాలని 2018లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణం, డబ్ల్యూసీఏజీ 2.1 చెబుతోంది. అడ్డుపడి చెప్పే పద్ధతి ఉన్నది ఇలాంటి వాటికే: `role="alert"`.

వినిపిస్తే సరిపోదు, మాటలో విషయం ఉండాలి. "నెట్ లేదు. మీ మెసేజ్ వెళ్లలేదు. రాసింది అలాగే ఉంది. మళ్లీ పంపండి." నాలుగు చిన్న వాక్యాలు. అయితే చిక్కొకటుంది. కొన్నిసార్లు మెసేజ్ సర్వర్‌కు చేరుతుంది, చేరిందన్న కబురే తిరిగిరాదు. అప్పుడు "వెళ్లలేదు" అంటే అబద్ధం. మళ్లీ పంపితే ఒకే కోరిక రెండుసార్లు నమోదవుతుంది. అందుకని ప్రతి మెసేజ్‌కూ పంపేటప్పుడే ఒక గుర్తు సంఖ్య తగిలిస్తారు. అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టేస్తుంది. మనిషికి మాత్రం "చేరిందో లేదో తెలియలేదు, మళ్లీ పంపినా ఇబ్బంది లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు.

ఇవన్నీ సరిచేసి ఒక నమూనా కట్టి, మానిటర్ ఆపేసి మొదట నేనే విన్నాను. తర్వాత బావకిచ్చాను. రెండు నిమిషాలు విని, "ప్రతి మాటకు ముందు పది గంటల నలభై రెండు నిమిషాలు అంటుందేంటి? ముందు విషయం చెప్పమను" అన్నాడు.

టైము మెసేజ్ చివరికి మార్చాను.