ఎల్‌ఓఆర్ కోసం సీనియర్‌ను అడుగుతున్నారా? ‘నువ్వే రాసుకో, సంతకం పెడతా’ అంటే ఏం చేయాలి?

అప్లికేషన్ అంతా నింపేశారు. ఎస్‌ఓపీ రెడీ, ట్రాన్‌స్క్రిప్ట్స్ రెడీ. మిగిలింది రికమెండేషన్ లెటర్ ఒక్కటే. ఆఫీసులో టీమ్ లీడ్‌ను అడిగితే ఆయన నవ్వుతూ అనే మాట.. “నాకు టైమ్ ఎక్కడిది? నువ్వే రాసుకుని పంపు, సంతకం పెట్టేస్తా”. చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో మాస్టర్స్‌కు అప్లై చేసేవారిని చాలా యూనివర్సిటీలు 2 లేదా 3 లెటర్లు అడుగుతాయి. ఉద్యోగం చేసినవారైతే అందులో ఒకటి పనిచేసిన చోటి నుంచి ఇవ్వడం మామూలే. ఆ లెటర్ ఎవరి దగ్గర, ఎలా అడగాలి? ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎవరిని అడగాలి?

హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక ఐటీ కంపెనీలో మూడేళ్లుగా టెస్టర్‌గా పనిచేస్తున్న అమ్మాయి అనుకుందాం. వచ్చే ఏడాది ఫాల్ సీజన్‌కు ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తోంది. ఆమె ముందు ఇద్దరున్నారు. ఒకరు కంపెనీ డైరెక్టర్. పెద్ద హోదానే, కానీ ఆమె పేరు కూడా సరిగా గుర్తుండదు. రెండోవారు రెండేళ్లు ఆమె పనిని రోజూ చూసిన టీమ్ లీడ్.

ఇక్కడ హోదా కంటే దగ్గరి నుంచి చూసిన అనుభవమే ముఖ్యం. డైరెక్టర్ రాస్తే “సిన్సియర్, హార్డ్ వర్కింగ్” దగ్గర ఆగిపోతుంది. టీమ్ లీడ్ అయితే ఇలా రాయగలరు: “ప్రతి రిలీజ్‌కు ముందు టెస్టింగ్‌కు 9 గంటలు పట్టేది. ఈమె రాసిన స్క్రిప్టుల వల్ల అది 2 గంటలకు తగ్గింది. రెండు స్క్రిప్టులు ఫెయిలైతే ఎవరూ అడగకుండానే కారణం వెతికి సరిచేసింది”. చదివేవారికి మనిషి కనిపించేది ఈ రెండో లెటర్‌లోనే.

ఉద్యోగం మానేస్తున్నట్టు ఇప్పుడే తెలిస్తే అప్రైజల్ మీద ప్రభావం పడుతుందని భయమా? అలాంటప్పుడు కంపెనీ మారిపోయిన పాత లీడ్‌ను అడగొచ్చు. ఎప్పటి నుంచి ఎప్పటివరకు తన కింద పనిచేసిందో ఆయన లెటర్‌లో స్పష్టంగా రాస్తే చాలు.

ఒక జాగ్రత్త. హెచ్‌ఆర్ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్ వేరు, ఇది వేరు. అందులో సాధారణంగా జాయినింగ్ డేట్, హోదా లాంటి వివరాలే ఉంటాయి. కంపెనీ లెటర్‌హెడ్ మీద రికమెండేషన్ ఇవ్వకూడదని కొన్ని కంపెనీల్లో రూల్ కూడా ఉంటుంది. ఆ విషయం లీడ్‌ను ముందే కనుక్కోమని అడగాలి. వీలుకాకపోతే లెటర్‌హెడ్ లేకుండా పంపొచ్చా అని యూనివర్సిటీకే మెయిల్ పెట్టి తెలుసుకోవాలి.

ఎలా అడగాలి?

డెడ్‌లైన్ డిసెంబర్ 15 అయితే అక్టోబర్ చివరికల్లా అడగాలి. అందరూ ఉన్న మీటింగ్‌లోనో, లిఫ్ట్‌లోనో కాదు. విడిగా పది నిమిషాలు తీసుకుని అడగాలి. ఆ తర్వాత మెయిల్ పెట్టాలి. అడిగే మాట ఇలా ఉంటే మంచిది:

“సర్, వచ్చే ఏడాది మాస్టర్స్‌కు అప్లై చేస్తున్నాను. రెండేళ్లు నా పని దగ్గర నుంచి చూశారు కదా, నా గురించి వివరంగా లెటర్ రాయగలరా? మొత్తం ఆరు యూనివర్సిటీలు, మొదటి డెడ్‌లైన్ డిసెంబర్ 15. మీకు వీలు కాకపోతే పర్లేదు సర్, చెప్పండి, వేరేవాళ్లను అడుగుతాను.”

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. ఇష్టం లేని మనిషికి తప్పుకునే దారి ఇవ్వకపోతే లెటర్ వస్తుంది, కానీ చప్పగా వస్తుంది. మన దగ్గర సీనియర్లు మొహం మీద ‘కుదరదు’ అనడం తక్కువ. “చూద్దాంలే”, “తర్వాత గుర్తు చెయ్యి” అని రెండుసార్లు అన్నారంటే అది ‘వద్దు’ అనే అర్థం చేసుకుని మరొకరిని చూసుకోవడమే మేలు.

‘నువ్వే రాసుకో’ అంటే?

ఆ అమ్మాయికీ ఇదే సమాధానం వచ్చిందనుకుందాం. తనే రాసుకుంటే ఏమవుతుంది? ముందుగా, అది రాసింది లీడ్ కాదు కాబట్టి యూనివర్సిటీని మోసం చేసినట్టే. ఎస్‌ఓపీలో ఉన్న మాటలే లెటర్‌లోనూ కనిపిస్తాయి. ఒకే చేత్తో మూడు లెటర్లు రాస్తే మూడూ ఒకేలా ఉంటాయి. వర్డ్ నుంచి మార్చిన పీడీఎఫ్‌లో ఫైల్ తయారుచేసిన వ్యక్తి పేరు కూడా ఉండిపోవచ్చు. పట్టుబడితే అప్లికేషన్ తిరస్కరించొచ్చు. సీటు వచ్చాక తెలిసినా రద్దు చేసే అధికారం యూనివర్సిటీకి ఉంటుంది.

అలాగని లీడ్ చెప్పిందీ అబద్ధం కాదు. నిజంగానే టైమ్ ఉండదు, రెండేళ్ల కిందటి విషయాలు గుర్తుండవు. అందుకే లెటర్ బదులు ముడిసరుకు ఇవ్వాలి. “సర్, పాయింట్స్ నేను రాసిస్తాను. మీకు గుర్తున్నవి, నిజమనిపించినవి మీ మాటల్లో రాయండి” అంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఆ పాయింట్స్ ఒక పేజీ దాటకూడదు. ఇద్దరూ కలిసి చేసిన ప్రాజెక్టులు, తేదీలు. లీడ్ స్వయంగా చూసిన మూడు సంఘటనలు, వాటిలో అంకెలు. ఒక తప్పు చేసి సరిదిద్దుకున్న సందర్భం. దానితో పాటు రెజ్యూమే, ఎస్‌ఓపీ, యూనివర్సిటీల పేర్లు, డెడ్‌లైన్లు. క్లయింట్ పేరు, కంపెనీ రహస్యాలు మాత్రం ఎక్కడా ఉండకూడదు.

ఇంత చేసినా “కుదరదు, నువ్వే రాయి” అంటే? థ్యాంక్స్ చెప్పి మరో సీనియర్ దగ్గరకు వెళ్లాలి. అక్టోబర్‌లోనే అడగమనేది ఇందుకే.

లింక్ ఎక్కడికి వెళ్తుంది?

చాలా యూనివర్సిటీల్లో లెటర్‌ను స్టూడెంట్ అప్‌లోడ్ చేయలేరు. అప్లికేషన్‌లో లీడ్ పేరు, హోదా, మెయిల్ ఐడీ ఇస్తే ఆయనకే లింక్ వెళ్తుంది. వీలైనంతవరకు ఆఫీస్ మెయిల్ ఐడీనే ఇవ్వాలి. ఆయన పేరుతో కొత్త జీమెయిల్ తెరిచి తామే అప్‌లోడ్ చేసేవారూ ఉన్నారు. అది ఫోర్జరీ కిందకే వస్తుంది.

అదే పేజీలో ఇంకో ప్రశ్న ఉంటుంది. ఈ లెటర్‌ను తర్వాత చూసే హక్కు వదులుకుంటారా అని. అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం వల్ల ఈ ప్రశ్న అడుగుతారు. వదులుకోవడం తప్పనిసరి కాదు. కానీ ఎక్కువమంది ‘అవును’ అనే పెడతారు. స్టూడెంట్ చూడరని తెలిస్తే లెటర్ మొహమాటం లేకుండా రాశారని చదివేవారు నమ్ముతారు.

ఆరు యూనివర్సిటీలంటే లీడ్‌కు ఆరు లింకులు వెళ్తాయి. కొన్నిచోట్ల లెటర్‌తో పాటు రేటింగ్ పట్టిక కూడా నింపాలి. ఈ విషయం ముందే చెప్పకపోతే మూడో మెయిల్‌కే విసుగొస్తుంది. ఆఫీస్ మెయిల్ ఫిల్టర్లు ఇలాంటి లింకులను స్పామ్‌లో పడేయడమూ మామూలే. అందుకే లింక్ పంపిన రోజే “సర్, మెయిల్ వచ్చిందా? ఒకసారి స్పామ్ కూడా చూడండి” అని అడగాలి. లెటర్ అందిందో లేదో సాధారణంగా అప్లికేషన్ పేజీలోనే కనిపిస్తుంది. డెడ్‌లైన్‌కు పది రోజుల ముందు కూడా అందకపోతే ఒక్కసారి గుర్తు చేయాలి.

విదేశీ ఉద్యోగమైతే?

ఇక్కడ పద్ధతి కాస్త వేరు. చాలా కంపెనీలు లెటర్ అడగవు. ఇంటర్వ్యూ తర్వాత రిఫరెన్స్ పేరు, ఫోన్ నంబర్ తీసుకుని వాళ్లతోనే మాట్లాడతాయి. అందుకే ముందు అడగకుండా ఎవరి నంబరూ ఇవ్వకూడదు. ఏ ఉద్యోగం, ఏ దేశం, ఏ టైమ్‌కు కాల్ రావచ్చో చెప్పి ఉంచాలి. లేదంటే అర్ధరాత్రి తెలియని నంబర్ నుంచి వచ్చే కాల్ ఆయన ఎత్తరు, అక్కడ ఆఫర్ ఆగిపోతుంది.