కుటుంబంతో తిరుమలకు: రైలా, బస్సా, విమానమా?

హైదరాబాద్ నుంచి తిరుపతికి మూడు దారులున్నాయి. రైలు సాయంత్రం బయలుదేరి, దాదాపు పన్నెండు గంటల్లో, తెల్లవారేసరికి చేరుస్తుంది. కర్నూలు, కడప మీదుగా వెళ్లే బస్సుకూ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. విమానం గంటా పావులో రేణిగుంటలో దిగుతుంది. ఒంటరిగా వెళ్లేవారికి ఈ లెక్క సరిపోతుంది. తాతా నానమ్మ, భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు కలిసి బయలుదేరే ఇంటికి మాత్రం ఇది చాలదు. ఇంటి గుమ్మం నుంచి కొండమీది గది వరకు ఎంతసేపు పడుతుంది, సామాను ఎన్నిసార్లు ఎత్తి దించాలి, ఎవరు ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అన్నవి కూడా లెక్కలోకి రావాలి.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఈ కుటుంబం కూకట్‌పల్లిలో ఉంటుందనుకుందాం. అక్కడి నుంచి శంషాబాద్ విమానాశ్రయం సుమారు 40 కిలోమీటర్లు. కారులో గంటకు పైగా పడుతుంది. విమానం వేళకు రెండు గంటల ముందే చేరుకోవాలి. గంటా పావు ప్రయాణం, సామాను వచ్చేదాకా అరగంట, రేణిగుంట నుంచి తిరుపతికి 15 కిలోమీటర్లు కలిపితే అయిదు గంటలు దాటుతుంది. అయినా రైలుకు పట్టే సమయంలో ఇది సగం కూడా లేదు. అయితే ఆ అయిదు గంటలూ మెలకువగా, వరుసల్లో నిలబడుతూ గడిచేవి. రైలులో గడిచే పన్నెండు గంటల్లో ఏడెనిమిది నిద్రలోనే పోతాయి.

రైలుకు వెళ్లేవారు ముందుగా ఏ స్టేషన్‌లో ఎక్కాలో చూసుకోవాలి. కూకట్‌పల్లి వారికి సికింద్రాబాద్ కన్నా లింగంపల్లి దగ్గర. తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచే బయలుదేరుతుంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. అలవాటు కొద్దీ పాత స్టేషన్‌కే వెళితే బండి తప్పిపోతుంది. అందుకే టికెట్ మీద ఉన్న ఎక్కే స్టేషన్ పేరును బయలుదేరే రోజు మరోసారి చదువుకోవాలి.

ఈ విషయంలో బస్సుదే పైచేయి. చాలా బస్సులు నగరంలో పలుచోట్ల ఆగి ప్రయాణికులను ఎక్కించుకుంటాయి. కూకట్‌పల్లి వారు తమ పేటలోనే ఎక్కవచ్చు.

సామాను

రైలులో థర్డ్ ఏసీ, స్లీపర్ తరగతుల్లో ఒక్కొక్కరికి 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇందులో సగం. ఇక్కడ ఇబ్బంది బరువుతో కాదు, చోటుతో. కింది బెర్త్ కింద పట్టే చోటును ఎదుటివారితో పంచుకోవాలి. నాలుగు పెద్ద పెట్టెల కన్నా, బెర్త్ కిందికి జారే మెత్తటి సంచులు నయం.

విమానంలో చాలా సంస్థలు దేశీయ ప్రయాణానికి మనిషికి 15 కిలోలు లగేజీలో, 7 కిలోలు చేతిసంచిలో అనుమతిస్తాయి. రెండేళ్లు నిండిన బాబుకూ టికెట్ కొనాలి కాబట్టి ఆరుగురికి 90 కిలోలు వస్తాయి. తిరుమలకు అది చాలినంత. అసలు చిక్కు వస్తువులతోనే. పచ్చళ్లు, కారప్పొడి చేతిసంచిలో ఉంటే తనిఖీలో ఆపేస్తారు. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. ఎండుకొబ్బరి త్వరగా అంటుకునే పదార్థం కాబట్టి లగేజీలో పెట్టనివ్వరు. మొక్కు కోసం కొబ్బరి తీసుకెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఎత్తడం, దించడం. విమానంలో కౌంటర్ దగ్గర అప్పగించిన పెట్టె రేణిగుంటలో చేతికందుతుంది. అక్కడి నుంచి నేరుగా కొండమీదికి కారు మాట్లాడుకుంటే తిరుపతిలో మళ్లీ దించే పని లేదు. రైలైతే ప్లాట్‌ఫారం మీద మోసుకోవాలి, బోగీలోకి ఎక్కించాలి, దించాలి, మళ్లీ కొండ బస్సు ఎక్కించాలి. బస్సులో పెట్టెలు డిక్కీలోకి వెళతాయి కాబట్టి రాత్రి అవసరమయ్యే మందులు, బాబు బట్టలు, దుప్పటి విడిగా చేతిసంచిలో ఉండాలి. ఎలా వచ్చినా అలిపిరి దగ్గర అందరూ దిగి, సామాను తనిఖీ చేయించుకోవలసిందే. మనిషికి ఒకటి చొప్పున, ఎవరిది వారు మోయగలిగిన సంచులుంటే అక్కడ తేలికవుతుంది.

భోజనం, నిద్ర

సాయంత్రం రైలుకు ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, పెరుగన్నం తీసుకెళ్లవచ్చు. ఎనిమిదింటికల్లా తినేస్తే పిల్లలు వేళకు నిద్రపోతారు. ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ ద్వారా దారిలోని స్టేషన్‌లో సీటు దగ్గరికే భోజనం తెప్పించుకోవచ్చు. కానీ బండి ఆలస్యమైతే భోజనమూ ఆలస్యమవుతుంది. చక్కెర వ్యాధితో వేళకు తినవలసిన పెద్దవారు దాని మీదే ఆధారపడకూడదు.

బస్సు ఎక్కడ, ఎప్పుడు ఆగాలన్నది డ్రైవర్ చేతిలో ఉంటుంది. భోజనానికి ఆగేసరికి తరచూ రాత్రి పది దాటుతుంది. కాబట్టి పిల్లలకు ఎక్కే ముందే తినిపించాలి. చాలా బస్సుల్లో మరుగుదొడ్డి ఉండదు. తరచూ మూత్రానికి వెళ్లవలసిన పెద్దవారికి ఇదే బస్సులో పెద్ద కష్టం. కుదుపులు వెనక సీట్లలో ఎక్కువ, మధ్య సీట్లలో తక్కువ. స్లీపర్ బస్సు పై బెర్త్‌కు ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవారి వల్ల కాదు.

విమానంలో భోజనం సమస్య కాదు. ఇంటి నుంచి పొడి టిఫిన్ తీసుకెళ్లి, ఎక్కే ముందు తింటే చాలు. కిందికి దిగేటప్పుడు బాబుకు గుక్కగుక్కగా నీళ్లు తాగిస్తే చెవినొప్పి తగ్గుతుంది. నడవలేని పెద్దవారికి టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడిగి పెట్టుకోవాలి.

కింది బెర్త్ మెలకువ

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. అందరినీ ఒకే టికెట్‌లో చేర్చడం అలవాటు. దానివల్ల పెద్దవారికి పై బెర్త్ వచ్చే ప్రమాదం ఉంది. అరవై ఏళ్లు నిండిన పురుషులకు, నలభై అయిదేళ్లు నిండిన స్త్రీలకు కింది బెర్త్ కోటా ఉంది. అది ఒక్కరు లేదా ఇద్దరు వెళ్లే టికెట్‌కే వర్తిస్తుంది. అందుకే తాతా నానమ్మలకు విడిగా ఈ కోటాలో తీసుకోవడం మేలు. కాకపోతే వారికి వేరే బోగీ రావచ్చు. అప్పుడు మందులు, భోజనం వారి దగ్గరే ఉంచాలి. అయిదేళ్ల లోపు బాబుకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. పాపకు బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం.

మూడింటిలో దేన్ని ఎంచుకున్నా, చేరిన ఉదయానికే దర్శనం వేళ పెట్టుకోకూడదు. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే రైల్వే టికెట్ సొమ్ము తిరిగి ఇస్తుంది. దాటిపోయిన దర్శనం వేళ మాత్రం తిరిగి రాదు. దర్శనాన్ని మధ్యాహ్నానికో మర్నాటికో పెట్టుకోవాలి.

మొత్తం మీద ఇలాంటి ఆరుగురికి కింది బెర్తులు దొరికితే రాత్రి రైలే మేలు. పడుకోవడం, లేచి నడవడం, మరుగుదొడ్డి, ఇంటి భోజనం అన్నీ అందులోనే కుదురుతాయి. పెద్దవారు రాత్రి ప్రయాణం తట్టుకోలేకపోయినా, సెలవు రెండు రోజులే ఉన్నా విమానం ఖర్చుకు తగిన ఫలితమిస్తుంది. రైలు టికెట్ వెయిటింగ్‌లో ఉండి, పెద్దవారు వెంట లేనప్పుడు బస్సు ఎక్కవచ్చు.