నంబరు లీకయ్యాక ఏం చేయాలి?

2021 మే నెలలో ఇంటర్నెట్‌లో ఒక పేజీ బయటపడింది. అందులో ఫోన్ నంబరు కొడితే, ఆ నంబరుతో డామినోస్‌లో పిజ్జా తెప్పించుకున్న మనిషి పేరు, ఇంటి చిరునామా, ఆర్డర్ల వివరాలు కనిపించేవి. మొత్తం 18 కోట్ల ఆర్డర్ల సమాచారం తమ చేతికి చిక్కిందని దొంగలు చెప్పుకున్నారు. సమాచార భద్రతకు భంగం కలిగిందని సంస్థ ఒప్పుకుంది. కార్డుల వంటి ఆర్థిక వివరాలు తాము దాచుకోమని, అందువల్ల అవి బయటికి పోలేదని చెప్పింది.

ఆ మాటతో సగమే ఊరట. కార్డు నంబరు పోతే బ్యాంకు వారం తిరక్కుండా కొత్త కార్డు ఇస్తుంది. ఫోన్ నంబరు అలా మార్చేసుకునేది కాదు, ఇంటి చిరునామా అసలే కాదు. ఒకసారి బయటికి పోయిన జాబితాను వెనక్కి రప్పించే దారి లేదు. అది చేతులు మారుతూ, ఇతర జాబితాలతో కలుస్తూ పోతుంది. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, అతని దగ్గర దాదాపు 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల సమాచారం దొరికిందని ప్రకటించారు. విద్యార్థులు, వాహన యజమానులు, ఉద్యోగులు అంటూ దాన్ని వర్గాలుగా విడదీసి అమ్ముతున్నాడని చెప్పారు.

ఇలాంటి జాబితా కొన్నవాడు ఫోన్ ఎలా చేస్తాడో చూడండి. "లక్ష్మి గారేనా అండీ? ఫలానా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు కదా? మీ పార్శిల్ అడ్రస్ కుదరక ఆగిపోయింది. లింకు పంపిస్తున్నా, ఐదు రూపాయలు కట్టి సరిచేసుకోండి." పేరు, ఇల్లు సరిగ్గా చెప్పేసరికి ఆమె నమ్ముతుంది. ఆ లింకు కార్డు వివరాలు లాగే నకిలీ పేజీ కావచ్చు, లేదా ఫోన్‌లోకి వచ్చే మెసేజీలన్నీ చదివేసే ఏపీకే ఫైలు కావచ్చు. మన వివరాలు తెలిసినంత మాత్రాన అవతలివాడు అసలైనవాడని కాదు. వాదించకుండా ఫోన్ పెట్టేసి, పార్శిల్ సంస్థ యాప్‌లోనో, బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరుకో మనమే అడిగి తెలుసుకోవాలి.

మనకొచ్చే అక్కర్లేని ఫోన్లు రెండు రకాలు. వాటికి మందు ఒకటే కాదు. మొదటి రకం ప్లాట్లు, లోన్లు, క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లు. వీళ్లకు డీఎన్‌డీ పనిచేస్తుంది. START 0 అని టైప్ చేసి 1909కి మెసేజ్ పంపినా, 1909కి ఫోన్ చేసినా, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో నమోదు చేసుకున్నా సరిపోతుంది. బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయన్న భయం అక్కర్లేదు, అవి వస్తూనే ఉంటాయి. అయితే ఏదో ఫారం నింపుతూ 'మాకు ఫోన్ చేయవచ్చు' అన్న గడిలో మీరు టిక్కు పెట్టి ఉంటే, ఆ సంస్థకు డీఎన్‌డీ అడ్డు రాదు. ఆ అనుమతిని విడిగా రద్దు చేసుకోవాలి.

నమోదైన ప్రచార ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలన్నది నిబంధన. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి అమ్మకానికి ఫోన్ చేసేవాడు దాన్ని తప్పించుకుంటున్నాడు. బ్లాక్ చేస్తే రేపు ఇంకో నంబరుతో వస్తాడు, అందుకే బ్లాక్ చేసే ముందు ఫిర్యాదు చేయాలి. ఫోన్ వచ్చిన 7 రోజుల్లోగా డీఎన్‌డీ యాప్‌లో చేయవచ్చు. ఎక్కువమంది ఫిర్యాదు చేసినప్పుడే ఆ నంబరు మీద చర్య కదులుతుంది. ఒక్కరి మెసేజ్‌తో ఏమవుతుందని ఊరుకోవడం వల్లే వీళ్లు బతికిపోతున్నారని నా అభిప్రాయం.

రెండో రకం దొంగలు. వాళ్లు డీఎన్‌డీ జాబితా చూసి ఫోన్ చేయరు కదా! ఇలాంటి ఫోన్ గానీ, వాట్సాప్ మెసేజ్ గానీ వస్తే, డబ్బు పోకపోయినా సంచార్ సాథీలోని 'చక్షు'లో తెలియజేయాలి. వాట్సాప్‌లో తెలియని కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ ఉంది, పెట్టుకోండి. వీలైతే రెండో సిమ్ తీసుకుని, బిల్లు కౌంటర్లలో, డెలివరీ యాప్‌లలో ఆ నంబరే ఇవ్వండి. బ్యాంకుకు ముడిపడిన పాత నంబరును ఇకపై కొత్తవాళ్లెవరికీ ఇవ్వకండి. పాత లీకు చెరిగిపోదు గానీ, కొత్త జాబితాల్లో బ్యాంకు నంబరు ఉండదు.

ఇంకొకటి గమనించాలి. చుట్టుపక్కల అందరికీ సిగ్నల్ ఉండి, మీ ఫోన్‌కు మాత్రమే హఠాత్తుగా పోయి గంటైనా రాకపోతే, మీ పేరుతో ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. అప్పుడు ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. ఇంట్లో వాళ్ల ఫోన్‌తో వెంటనే టెలికాం సంస్థకు చెప్పి సిమ్ ఆపించండి, బ్యాంకుకు చెప్పి ఖాతా స్తంభింపజేయండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి. ఖాతా నంబరు, పోయిన మొత్తం, లావాదేవీ సంఖ్య, సమయం దగ్గర పెట్టుకోండి. ఆ డబ్బు దొంగ ఖాతా నుంచి మరో ఖాతాకు దాటకముందే ఫిర్యాదు అందితే, దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుంది.