అడ్వాన్సు ఒకటే, అడిగే తీరు మూడు

హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు సామాను సర్దుకోవడం కంటే అడ్వాన్సు రాబట్టుకోవడమే పెద్ద పని. నెలకు 15 వేల అద్దె, 30 వేల అడ్వాన్సు కట్టిన కుటుంబం ఒకటి ఉందనుకుందాం. జూన్ 30న తాళాలు అప్పగించారు. పది రోజులైనా డబ్బు రాలేదు.

ముందు వాట్సాప్. “అంకుల్, నమస్తే. అడ్వాన్సు ఎప్పుడు పంపుతారు? కొత్త ఇంటికి కట్టాలి.” ఇంతే చాలు. దీన్ని చదివేది ఆయనొక్కరే, అందుకే వరస పెట్టి పిలిచినా తప్పు లేదు. ఇక్కడే “కోర్టుకెళ్తాం” అన్నారంటే ఆయన పంతానికి పోతారు, ఇచ్చే డబ్బు కూడా ఆగుతుంది.

“పెయింటింగ్‌కి 12 వేలు పోను మిగతాది ఇస్తా” అని జవాబొచ్చింది. ఇప్పుడిది లెక్కల వ్యవహారం, కాబట్టి మెయిలు రాయాలి. కొన్ని ఒప్పందాల్లో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామన్న షరతు ఉంటుంది. అది మీ ఒప్పందంలో లేదని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. సబ్జెక్టులో “ఫ్లాట్ 302, అడ్వాన్సు లెక్క” అని ఉండాలి. అంకుల్ ఇక్కడ పేరు పక్కన ‘గారు’ అవుతారు. “జూన్ 30న తాళాలు అప్పగించాము. అప్పటిదాకా కరెంటు, మెయింటెనెన్సు కట్టిన రసీదులు జతచేశాను. ఒప్పందంలో పెయింటింగ్ ఖర్చు ప్రస్తావన లేదు. మొత్తం 30 వేలు ఈ నెల 20లోగా పంపగలరు.” రేపు ఈ మెయిలు ఆయన కొడుకు చదివినా, వెనకటి సంగతి ఎవరినీ అడగకుండానే అర్థం కావాలి.

దానికీ బదులు లేకపోతే ఉత్తరం. దీన్ని చివరికి చదివేది మీ ఇద్దరి మొహాలూ తెలియని లాయరో, జడ్జో. వాళ్లకు మీ కోపంతో పనిలేదు. “మమ్మల్ని మోసం చేశారు” అనే బదులు “నేటి వరకు చెల్లించలేదు” అంటే చాలు. తేదీ, ఇద్దరి చిరునామాలు, ఒప్పందం తేదీ రాసి, “ఈ లేఖ అందిన 15 రోజుల్లో రూ. 30,000 చెల్లించవలసిందిగా కోరుతున్నాను. లేనిపక్షంలో చట్టప్రకారం చర్య తీసుకుంటాను” అని ముగించి సంతకం చేయాలి. “వీలు చూసుకుని ఇవ్వండి” అన్నారా, గడువు పోయినట్టే. అందినట్టు రుజువు దొరికేలా పోస్టులో పంపి, నకలు దగ్గరుంచుకోవాలి.

ఖాళీ చేస్తామని చెప్పేటప్పుడూ ఈ తేడా గుర్తుండాలి. వేరే ఒప్పందం లేని నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు ఇవ్వాలని, అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. అంకుల్‌తో ఎంత చనువున్నా, ఆ ఒక్క కాగితం మాత్రం సంతకం పెట్టి ఇవ్వండి.