సిగ్గు అనే ఒక్క మాట చాలదు

చుట్టాలింట గృహప్రవేశం. ఎనిమిదేళ్ల పిల్లాడు అమ్మ కొంగు వదలడు. "మావాడికి సిగ్గెక్కువండీ" అంటుందామె. అప్పుడే ఆ మాట అనకుండా ఓ గంట ఆగి చూస్తే అసలు సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

బిడియమైతే మెల్లగా కరుగుతుంది. ముందు దూరం నుంచి ఆట చూస్తాడు, తర్వాత పక్కకెళ్లి నిలబడతాడు, భోజనాల వేళకు వాణ్ని వెతికి పట్టుకోవాల్సి వస్తుంది. ఇది కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కాగన్ నాలుగు నెలల పసివాళ్లకు కొత్త బొమ్మలు చూపి, కొత్త శబ్దాలు వినిపించి గమనించారు. కాళ్లూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చిన పిల్లల్లో ఎక్కువమంది తర్వాత కొత్తవాళ్ల దగ్గర వెనకాడేవాళ్లయ్యారు. అయినా వాళ్లలో చాలామంది మామూలుగానే ఎదిగారు.

అంతర్ముఖుడి తీరు వేరు. వాడికి భయం ఉండదు. పేరడిగితే చెబుతాడు, పద్యం చదవమంటే చదివి వచ్చి, ఓ మూల ఒక్క బావతో క్యారమ్స్ ఆడుకుంటాడు. ఇంటికొచ్చాక కాసేపు ఎవరూ కదపకపోతే చాలు. మనవాళ్లు ఎక్కువగా బెంగపడేది వీడి గురించే, అసలు బెంగే అక్కర్లేనిదీ వీడి గురించే.

సోషల్ యాంగ్జైటీ మాత్రం ఆ గంటలో తేలదు. అది పెళ్లికి వారం ముందే మొదలై, పెళ్లయ్యాక కూడా "నన్ను చూసి నవ్వారా?" అంటూ వెంటాడుతుంది. దీని మూలం మనుషులంటే అయిష్టం కాదు, వాళ్లు తనను తక్కువగా చూస్తారేమోనన్న భయం. ఈ పిల్లలకు స్నేహితులు కావాలి, దగ్గరికి వెళ్లలేరు. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్లకూ ఇది ఉండవచ్చు. అంతర్ముఖులకూ రావచ్చు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరిని ఊహించుకోండి. మార్కులు బాగా వస్తాయి. టీచర్లు "బుద్ధిమంతురాలు, నోరెత్తదు" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వెనక సమస్య దాక్కుంటుంది. అందరి ముందు తినలేక లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తుంది. బాత్రూమ్‌కి వెళ్తానని అడగలేక రోజంతా నీళ్లు తాగదు. సోమవారం పాఠం పైకి చదవాలంటే ఆదివారం సాయంత్రానికే కడుపునొప్పి మొదలవుతుంది. ఆ నొప్పి నాటకం కాదు, నిజంగానే వస్తుంది. డాక్టరుకు చూపిస్తే లోపమేమీ కనబడదు, సెలవుల్లో అసలు రాదు. అమ్మ జాలిపడి బడి మాన్పిస్తుంది, పది గంటలకల్లా నొప్పి తగ్గిపోతుంది. తప్పించుకుంటేనే హాయి అని ఆ పిల్ల మనసు నేర్చుకుంటుంది. వచ్చే సోమవారం భయం ఇంకాస్త పెరుగుతుంది.

పెద్దవాళ్ల దగ్గరే కాక తోటిపిల్లల దగ్గరా ఇదే భయం ఉండి, ఆరు నెలలకు పైగా సాగుతూ, చదువుకో స్నేహాలకో తిండికో అడ్డుపడుతుంటే మానసిక నిపుణులు దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. సాధారణంగా ఇది బయటపడేది టీనేజీ మొదట్లో. చిన్నపిల్లల్లోనైతే ఏడుపు, మొండితనం, కొయ్యబారిపోవడం రూపంలో కనిపిస్తుంది కాబట్టి పొగరనుకుంటారు.

"సిగ్గు పోవాలి" అని బలవంతంగా స్టేజీ ఎక్కిస్తే భయం ముదురుతుంది. పూర్తిగా తప్పిస్తే పాతుకుపోతుంది. మధ్య దారి చిన్న మెట్లు. పై అమ్మాయి ముందు కిరాణా కొట్లో తానే అడిగి పాల ప్యాకెట్ తేవాలి. తర్వాత పిన్నికి తనే ఫోన్ చేయాలి. ఆపై తరగతి అయ్యాక టీచర్ని ఒక సందేహం అడగాలి. ఇద్దరు స్నేహితురాళ్ల ముందు ఒక పేరా చదవడం ఆ తర్వాత. తరగతి ముందు చదవడం చివరి మెట్టు. ఒక మెట్టు మీద గుండెదడ బాగా తగ్గేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చేయించాలి. కొట్టతను "ఏం కావాలమ్మా?" అని అడిగితే అమ్మ బదులు చెప్పకూడదు. ఆ కొన్ని క్షణాల మౌనం భరించడం పిల్లకంటే అమ్మకే కష్టం.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో నిపుణులు చేయించే పని చాలావరకు ఇదే. భయం మరీ తీవ్రంగా ఉంటే సైకియాట్రిస్టు మందులు కూడా రాస్తారు. మొదట ఎవరిని కలవాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.